చీము నిండా తెల్లకణాలే, అయినా క్రిమి చావదు: సీజీడీలో అసలు ఏం జరుగుతుంది

అడిగిన ప్రశ్న: "మా అక్క కొడుక్కి మూడేళ్ళు. గాజువాకలో ఉంటాం. ఏడాదిలో మెడ మీద బిళ్ళ కట్టి రెండుసార్లు చీము తీశారు, ఇప్పుడు కాలేయంలో గడ్డ అంటున్నారు. తెల్లకణాలు తక్కువున్నాయా అంటే లేదు, ఇరవై వేలు దాటాయట. మరి ఇమ్యూనిటీ బాగున్నట్టే కదా? కొన్ని క్రిములే మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తున్నాయి? డాక్టరు గారు సీజీడీ అనుమానం అని ఎన్‌బీటీ, డీహెచ్ఆర్ రాశారు. చాలా టెన్షన్‌గా ఉంది, కాస్త వివరంగా చెప్పండి."

నేను విశాఖలో ఇరవై ఏళ్ళకు పైగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. బాబుకు ఏ మందు ఎంత ఇవ్వాలో చెప్పాల్సింది వాడిని చూస్తున్న డాక్టరు గారే. నాకు తెలిసింది చీము, అందులోని క్రిమి, దాన్ని మింగిన కణం. ఆ మూడింటి గురించి చెప్తాను.

కౌంట్ ఇరవై వేలు అంటే కణాలు పుడుతున్నాయి, పిలుపు అందుకుని గడ్డ ఉన్న చోటికి వెళ్తున్నాయి. క్రిమిని మింగుతున్నాయి కూడా. సీజీడీలో, అంటే క్రానిక్ గ్రాన్యులోమటస్ డిసీజ్‌లో, ఇంతవరకూ అన్నీ సవ్యంగానే జరుగుతాయి. చెడేది ఆ తర్వాతి అడుగు. మింగింది చావదు. దాన్ని చంపడానికి ఇంకొన్ని కణాలు వస్తాయి, అవీ మింగుతాయి, అవీ చంపలేవు. కౌంట్ పెరుగుతూ పోవడం ఆ పని పూర్తికాలేదనడానికి గుర్తు. మామూలు బ్లడ్ టెస్టులో కణాల లెక్క తెలుస్తుంది గానీ వాటి చేతిలో ఆయుధం ఉందో లేదో తెలియదు. అందుకే డాక్టరు గారు వేరే టెస్టులు రాశారు.

ఆ ఆయుధం ఎలా పనిచేస్తుందో చూద్దాం. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం క్రిమిని చుట్టేసి లోపలికి లాక్కున్నప్పుడు దాని పైపొరే లోపలికి ముడుచుకుని ఒక చిన్న సంచి అవుతుంది. క్రిమి ఆ సంచిలో ఇరుక్కుంటుంది. కొన్ని సెకన్లలోనే సంచి గోడ మీద ఒక యంత్రం బిగుసుకుంటుంది. దాని పేరు ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్. రెండు ముక్కలు ఎప్పుడూ పొరలోనే ఉంటాయి: జీపీ91, పీ22. మరో మూడు కణద్రవంలో విడిగా తిరుగుతుంటాయి: పీ47, పీ67, పీ40. సిగ్నల్ రాగానే విడి ముక్కలు పరుగెత్తి పొరలోని వాటికి అతుక్కుంటాయి. ఇలా విడివిడిగా పెట్టుకోవడం కణం తనను తాను కాపాడుకునే పద్ధతి, లేకపోతే అవసరం లేనప్పుడు కూడా విషం తయారవుతుంది.

యంత్రం బిగుసుకున్నాక కణం లోపలున్న ఎన్‌ఏడీపీహెచ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసి, గోడ దాటించి, సంచిలోని ఆక్సిజన్‌కు అందిస్తుంది. ఆక్సిజన్ సూపరాక్సైడ్ అవుతుంది, అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. ఆ పెరాక్సైడ్‌ను మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము క్లోరైడ్‌తో కలిపి హైపోక్లోరస్ ఆమ్లంగా మారుస్తుంది. నీళ్ళ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపినప్పుడు క్రిముల్ని చంపేది కూడా ఈ ఆమ్లమే. చీముకు ఒక్కోసారి కనిపించే ఆకుపచ్చ ఛాయ ఈ మైలోపెరాక్సిడేజ్ రంగే.

ఈ కొద్ది నిమిషాల్లో కణం మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజన్ లాగేసుకుంటుంది. 1933లో బాల్డ్రిడ్జ్, జెరార్డ్ కుక్క తెల్లకణాల్లో దీన్ని మొదట కొలిచినప్పుడు, మింగే శ్రమకు శక్తి కోసం కణం ఎక్కువగా శ్వాసిస్తోందని అనుకున్నారు. రెస్పిరేటరీ బర్స్ట్ అనే పేరు ఆ ఆలోచన నుంచే వచ్చింది. 1959లో స్బారా, కార్నోవ్‌స్కీ చేసిన ప్రయోగాల్లో శ్వాసను ఆపే సయనైడ్ ఇచ్చినా ఈ ఆక్సిజన్ వాడకం ఆగలేదు. అంటే ఇది శక్తి కోసం జరిగే శ్వాస కాదు, ఆయుధం తయారీ. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

యంత్రంలోని ఏ ఒక్క ముక్క లేకపోయినా సీజీడీ వస్తుంది. జీపీ91 తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. అది చెడితే జబ్బు మగపిల్లల్లో కనిపిస్తుంది, తల్లి మోసుకొస్తుంది. మిగతా ముక్కల జన్యువులు చెడితే ఆడపిల్లలకూ రావచ్చు, మేనరికాలున్న కుటుంబాల్లో ఆ రకం ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి అడగండి: మీ అక్కగారి అన్నదమ్ములు, మేనమామలు ఎవరైనా చిన్నప్పుడు గడ్డలతోనో న్యుమోనియాతోనో పోయారా అని. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు డాక్టరు గారికి చాలా పనికొస్తుంది.

ఇక "కొన్ని క్రిములే ఎందుకు" అన్నారు. మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ప్రశ్న ఇది.

సీజీడీలో పదేపదే కనిపించేవి కొద్దిపాటి క్రిములే. స్టాఫ్ ఆరియస్, సెరేషియా, బర్ఖోల్డేరియా, నోకార్డియా, ఫంగస్‌లో ఆస్పర్జిల్లస్. మన దేశంలో వీటికి టీబీ క్రిమిని, బీసీజీ టీకాలోని క్రిమిని కలపాలి. అదే సమయంలో న్యుమోకాకస్, గొంతు నొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ లాంటివి ఈ పిల్లల్ని ప్రత్యేకంగా వేధించవు. ఎందుకు?

కాలేజీల్లో చెప్పే జవాబు కేటలేజ్ గురించి. మా ల్యాబ్‌లో రోజూ చేసే పనే ఇది: గాజుపలక మీద పెంచిన క్రిమి కాలనీ కాస్త పెట్టి ఒక చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తాం. స్టాఫ్ అయితే సోడాలా బుస్సున పొంగుతుంది, స్ట్రెప్ అయితే నీళ్ళలా ఊరుకుంటుంది. పొంగించేది కేటలేజ్, పెరాక్సైడ్‌ను నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విరగ్గొట్టే ఎంజైము. స్ట్రెప్టోకాకస్‌కు అది లేదు, పైగా తనే పెరాక్సైడ్ తయారుచేస్తుంది. సీజీడీ కణం సంచిలో అది ఇరుక్కుంటే తన పెరాక్సైడే పోగవుతుంది, కణం ఆ పెరాక్సైడ్‌నే వాడుకుని క్రిమిని చంపేస్తుంది. స్టాఫ్ తన పెరాక్సైడ్‌ను తనే విరగ్గొట్టేస్తుంది కాబట్టి కణానికి ఏమీ దొరకదు. 1967లో క్వీ బృందం ఈ పిల్లల కణాలు స్టాఫ్‌ను మింగుతాయి గానీ చంపలేవని పరీక్షనాళికలో చూపించింది. మరుసటి ఏడాదే అవే కణాలు స్ట్రెప్టోకాకస్‌ను చంపగలవని తేలింది. లెక్క చక్కగా కుదిరింది.

నేనూ చాలా ఏళ్ళు దాన్నే నమ్మాను, జూనియర్లకు అదే చెప్పాను. కానీ అది సగం జవాబే. పేగుల్లో ఉండే ఈ.కోలై మీద పెరాక్సైడ్ చుక్క వేయండి, అదీ పొంగుతుంది. సూడోమోనాస్ కూడా అంతే. కేటలేజే కారణమైతే ఈ రెండూ సీజీడీ పిల్లల్లో ముందు వరుసలో ఉండాలి. అవి ఉండవు. ఇంకా గట్టి సాక్ష్యం ఎలుకల్లో దొరికింది. కేటలేజ్ తీసేసిన స్టాఫ్‌ను సీజీడీ ఉన్న ఎలుకలకు ఎక్కిస్తే అది మామూలు స్టాఫ్ లాగే జబ్బు చేసింది. ఆస్పర్జిల్లస్ నిడ్యులాన్స్ విషయంలోనూ అదే జరిగింది.

మరి ఏ గుణం వల్ల? తెల్లకణానికి ఆక్సిజన్ ఆయుధం ఒక్కటే కాదు. దాని లోపలి రేణువుల్లో ధనావేశం ఉన్న చిన్న ప్రొటీన్లు ఉంటాయి. అవి క్రిమి పైపొరకు అతుక్కుని చిల్లులు పొడుస్తాయి. సీజీడీ పిల్లల్లో ఈ ప్రొటీన్లు ఉంటాయి. చాలా క్రిముల్ని అవే చూసుకుంటాయి. అవి ఎవరి మీద పనిచేయవో వాళ్ళే ఈ పిల్లలకు శత్రువులు.

ఇది మా యాంటీబయాటిక్ ప్లేట్ మీదే కనిపిస్తుంది. పాలిమిక్సిన్, కొలిస్టిన్ మందులు కూడా ధనావేశంతో పొరకు అతుక్కుని చిల్లులు పొడిచేవే. ఈ.కోలై, సూడోమోనాస్ సాధారణంగా వాటికి లొంగుతాయి. సెరేషియా, బర్ఖోల్డేరియా పుట్టుకతోనే లొంగవు, ఎందుకంటే వాటి పైపొరలోని రుణావేశాన్ని ఒక చక్కెర ముక్కతో కప్పేసుకుంటాయి. స్టాఫ్ ఆ పనే వేరే దారిలో చేస్తుంది, తన పొరకు అమైనో ఆమ్లాలు తగిలించుకుని. మనలో ఈ క్రిముల్ని ఆపుతున్నది ఆక్సిజన్ ఆయుధమే. అది పోగానే ఇవి బయటపడతాయి. కేటలేజ్ కథ కంటే ఈ దారే నాకు ఎక్కువ సబబుగా అనిపిస్తుంది.

ఇందులోనూ పూర్తిగా తేలని చోట్లున్నాయి. ఆక్సిడేజ్ పనిచేసినప్పుడు సంచి లోపలి ఆమ్లత్వం, పొటాషియం మారిపోయి, ఆ మార్పే రేణువుల్లోని ప్రొటీన్లు కోసే ఎంజైములను మేల్కొలుపుతుందని 2002లో లండన్ పరిశోధకులు చెప్పారు. దాని మీద వాదన నడుస్తూనే ఉంది. మైలోపెరాక్సిడేజ్ పుట్టుకతో లేనివాళ్ళు చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు కాబట్టి బ్లీచింగ్ ఒక్కటే చంపుతుందనీ అనలేం.

ఫంగస్‌ది మరో తీరు. ఆస్పర్జిల్లస్ దారాలు పొడవుగా పెరుగుతాయి, కణం వాటిని మింగలేదు. అప్పుడు న్యూట్రోఫిల్ తన డీఎన్ఏనే వలలా బయటికి విసురుతుంది. ఆ వలలో జింకును లాగేసుకునే ప్రొటీన్ ఉంటుంది, జింకు లేక ఫంగస్ ఎదగదు. ఈ వల విసరడానికి చాలావరకు ఆక్సిడేజ్ కావాలి. అది లేని పిల్లల్లో ఫంగస్ ఊపిరితిత్తుల్లో మొదలై పక్కటెముకల దాకా వెళ్తుంది, చాలాసార్లు పెద్దగా జ్వరం కూడా లేకుండానే.

ఇప్పుడు ఒక కేసు చెప్తాను. ఇది మీ బాబు కేసు కాదు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

అనకాపల్లి వైపు పల్లె నుంచి వచ్చిన నాలుగేళ్ళ బాబు. బీసీజీ వేసిన చెయ్యి వైపు చంకలో మూడో నెలలో బిళ్ళ కట్టి చీము కారింది. ఏడాదిన్నరకు మెడ మీద గడ్డ, కోసి తీశారు. ఈసారి ఇరవై రోజులుగా జ్వరం, కుడి డొక్కలో నొప్పి. స్కాన్‌లో కాలేయం కుడి వైపు ఆరు సెంటీమీటర్ల గడ్డ. మన వైపు కాలేయంలో గడ్డ అనగానే ముందు అమీబా గుర్తొస్తుంది, మెట్రోనిడజోల్ మొదలుపెట్టారు. జ్వరం దిగలేదు. సూది పెట్టి లాగితే సిరంజిలోకి వచ్చింది రెండు మిల్లీలీటర్లే. అమీబా చీము చాక్లెట్ రంగులో, పల్చగా జారుతుంది. ఇది గట్టి మీగడలా, పసుపు పచ్చగా, సిరంజి గోడకు అతుక్కుపోయింది. స్కాన్ మళ్ళీ చూస్తే అది ఒక్క గది కాదు, తేనెపట్టులా చిన్నచిన్న గదులు.

కల్చర్‌లో స్టాఫ్ ఆరియస్ పెరిగింది, క్లాక్సాసిల్లిన్‌కు లొంగేదే. ఆ రిపోర్ట్ మీద సంతకం నాది. "స్టాఫ్ ఆరియస్, లొంగుతుంది" అని రాసి పంపేశాను. నాలుగేళ్ళ బిడ్డ కాలేయంలో, ఒంటి మీద దెబ్బా పుండూ లేకుండా, స్టాఫ్ ఎందుకుందని అడగాల్సింది. అడగలేదు. పిల్లల కాలేయంలో స్టాఫ్ గడ్డ కనిపిస్తే సీజీడీ కోసం చూడాలి. ఆ తర్వాత అలాంటి ఏ రిపోర్టునూ ఫోన్ చేసి మాట్లాడకుండా పంపలేదు.

ఆరు వారాల మందులతో జ్వరం తగ్గి ఇంటికెళ్ళాడు. నాలుగు నెలలకు పాత గడ్డ పక్కనే కొత్త గడ్డ, మళ్ళీ అదే స్టాఫ్. మందుకు లొంగే క్రిమి మళ్ళీ ఎలా వచ్చింది? ప్లేట్ మీద క్రిమి బయట, జెల్లీ మీద ఉంటుంది, మందు నేరుగా తగులుతుంది. ఈ బాబులో క్రిమి బతికున్న కణం కడుపులో దాక్కుంది. క్లాక్సాసిల్లిన్ లాంటివి కణం లోపలికి సరిగా వెళ్ళవు. అంటే మింగిన కణమే క్రిమికి గూడైంది. ఆ కణం చచ్చినప్పుడు క్రిమి బతికే బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. దీన్ని ఆపలేక శరీరం దాని చుట్టూ మాక్రోఫేజ్‌లనే పెద్ద తెల్లకణాలతో గోడ కడుతుంది, అదే గ్రాన్యులోమా. పైగా ఆక్సిడేజ్‌కు మంటను చల్లార్చే పాత్ర కూడా ఉంది. అది లేనప్పుడు క్రిమి తక్కువున్న చోట కూడా వాపు ఆగదు. ఆ తేనెపట్టు గదులు అలా కట్టినవే, అందుకే గొట్టం పెట్టినా చీము దిగలేదు.

రెండోసారి మేం ఎన్‌బీటీ చేశాం. వేలి నుంచి రక్తపు చుక్క తీసి, కణాలను రెచ్చగొట్టే రసాయనంతో పాటు పసుపు రంగు ఎన్‌బీటీ కలిపి, శరీర ఉష్ణోగ్రతలో కాసేపు ఉంచుతాం. సూపరాక్సైడ్ తయారైతే ఆ పసుపు ముదురు నీలం గింజలుగా మారుతుంది. మైక్రోస్కోప్ కింద ముందు మా టెక్నీషియన్ రక్తం చూశాను, దాదాపు ప్రతి న్యూట్రోఫిల్ కడుపులోనూ సిరా చల్లినట్టు నీలం. బాబు స్లైడ్‌లో రెండు వందల కణాలు లెక్కపెట్టాను. ఒక్కదానిలోనూ నీలం లేదు. తల్లి స్లైడ్ పెట్టాను. ఒక కణం నీలంగా, పక్కది ఖాళీగా, మళ్ళీ నీలంగా. వందలో నలభై ఐదు నీలం. ప్రతి ఆడపిల్ల కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపోతుంది, మంచిది మేలుకున్న కణం నీలమైంది, చెడ్డది మేలుకున్నది ఖాళీగా ఉండిపోయింది. జబ్బు ఎక్స్ మీద నుంచి వచ్చిందని ఆ స్లైడే చెప్పింది. పక్కనే నిలబడ్డ అమ్మమ్మ అప్పుడు అంది, "నా పెద్దోడూ ఇలాగే గడ్డలొచ్చి ఐదో ఏట పోయాడు బాబూ." అంతకుముందు ఆమెను ఎవరూ అడగలేదు.

డీహెచ్ఆర్ కూడా ఇదే ప్రశ్నను మెషిన్ మీద అడుగుతుంది. రంగు లేని పదార్థం కణంలోకి వెళ్ళి, పెరాక్సైడ్ తగిలితే ఆకుపచ్చగా మెరుస్తుంది. ఫ్లో సైటోమీటర్ వేల కణాల మెరుపు కొలుస్తుంది. మామూలు మనిషి గ్రాఫ్‌లో గుట్ట కుడివైపుకు జరుగుతుంది. జీపీ91 పూర్తిగా లేకపోతే అసలు కదలదు. పీ47 లోపమైతే కొద్దిగా, వెడల్పుగా జరుగుతుంది. ఎక్స్ జబ్బు మోసే తల్లికి రెండు గుట్టలు కనిపిస్తాయి. ఆ కొద్దిపాటి జరగడం కూడా ముఖ్యమే: ఎంతో కొంత సూపరాక్సైడ్ మిగిలిన పిల్లలు ఎక్కువ కాలం బతుకుతున్నారని 2010లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది.

మీరు చేయించేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. శాంపిల్ వేరే ఊరికి పంపుతుంటే వీలైతే 24 గంటల్లో టెస్ట్ జరగాలి, ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు, మే నెల ఎండలో డబ్బాలో మగ్గనూ కూడదు. బాబు రక్తంతో పాటు అదే సమయానికి తీసిన ఆరోగ్యవంతుడి రక్తం కూడా వెళ్ళాలి. దారిలో కణాలు చచ్చిపోతే ఇద్దరివీ మెరవవు, అప్పుడు తప్పు ప్రయాణానిదని తెలుస్తుంది. తల్లి శాంపిల్ కూడా పంపమని అడగండి. మైలోపెరాక్సిడేజ్ లేనివాళ్ళకు, జీ6పీడీ అనే ఎంజైము మరీ తక్కువున్నవాళ్ళకు కూడా డీహెచ్ఆర్ తేడాగా రావచ్చు కాబట్టి చివరి మాట జన్యు పరీక్షది.

ఆ బాబుకు గడ్డ కోయలేదు. కణం లోపలికి వెళ్ళే యాంటీబయాటిక్స్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. ఇన్ఫెక్షన్‌లో స్టెరాయిడా అని తండ్రి భయపడ్డాడు, ఆ భయం సహజం. కానీ సీజీడీ కాలేయ గడ్డల్లో వాపు గోడలే మందును ఆపుతున్నాయి కాబట్టి, యాంటీబయాటిక్ గొడుగు కింద స్టెరాయిడ్ ఇస్తే చాలామందికి ఆపరేషన్ తప్పుతోంది. ఇది నిర్ధారణ అయ్యాక, అనుభవం ఉన్న డాక్టరు చేతిలో జరగాల్సిన పని.

ఆ తర్వాత రోజూ కోట్రైమాక్సజోల్, ఇట్రకొనజోల్. మొదటిది కణం లోపలికి వెళ్తుంది, స్టాఫ్, సెరేషియా, బర్ఖోల్డేరియా, నోకార్డియాల్లో చాలావాటిని ఆపుతుంది. రెండోది ఆస్పర్జిల్లస్ కోసం. కోట్రైమాక్సజోల్ మొదలుపెట్టే ముందు జీ6పీడీ చూడాలి, మన ఏజెన్సీ వైపు కుటుంబాల్లో ఆ లోపం కొత్త కాదు. ఇంటర్‌ఫెరాన్ గామా ఇంజెక్షన్లు తీవ్రమైన ఇన్ఫెక్షన్లను బాగా తగ్గించాయని 1991లో తేలింది, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. జబ్బును మూలంలో మార్చేది సరిపోయే దాత నుంచి బోన్‌మారో మార్పిడి. ఇన్ఫెక్షన్లు అవయవాలను పాడుచేయకముందే దాని గురించి మాట్లాడటం మంచిది.

ఇంట్లో జాగ్రత్త అంటే ఒక్కదాని మీదే గట్టిగా ఉండమంటాను: కుళ్ళే ఆకు, పేడ, గడ్డి. ఎరువు కుప్పను కదిలిస్తే ఒక్క క్షణంలో లెక్కలేనన్ని ఆస్పర్జిల్లస్ బీజాలు లేస్తాయి. సీజీడీ పిల్లలకు అలా ఒక్కసారి పీల్చినా కొద్ది రోజుల్లో రెండు ఊపిరితిత్తులూ నిండిపోయి ప్రాణం మీదికి రావచ్చు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ పడగొట్టిన చెట్లు మన వీధుల్లో ఎన్నాళ్ళు కుళ్ళాయో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి కుప్పల దగ్గరికి, మేడ మీద కుండీల్లో కంపోస్ట్ కలిపే చోటికి, పశువుల పాకలోకి బాబును పంపకండి. బడికి, బీచ్‌కు వెళ్ళడం మానేయక్కర్లేదు.

మీ అక్కగారు మళ్ళీ గర్భవతి అయితే, లేదా ఇంట్లో ఇంకో పసిబిడ్డ పుట్టబోతుంటే, కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పండి. మన దగ్గర పుట్టిన వెంటనే బీసీజీ వేసేస్తారు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా. బిడ్డ రక్తంతో డీహెచ్ఆర్ రిజల్ట్ వచ్చేవరకు ఆ ఒక్క టీకా ఆపమని అడగండి, మిగతా వాటి గురించి పిల్లల డాక్టరు చెప్తారు. నేను చెప్పిన బాబుకు చెల్లెలు పుట్టినప్పుడు వాళ్ళ అమ్మమ్మ లేబర్ రూమ్ బయట బీసీజీ ఆపమని రాసిన కాగితం పట్టుకునే నిలబడింది.